కబడ్డీ బరిలో నీళ్ళ లెక్క



ఎదిగే పిల్లలకు ఆహారమును గురించి, నీళ్ళను గురించి బడిలో పాఠం చెప్పడం కొత్త సంగతి కాదు. సైన్సు పుస్తకంలో మాంసకృత్తులు, పిండిపదార్థాలు, విటమిన్లు అన్నీ ఉన్నాయి. పిల్లలు వాటిని వల్లెవేస్తారు, పరీక్షలో వ్రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అయితే అదే పిల్లవాడు ఉదయం ఒక టీ, రెండు బిస్కెట్లతో బడికి వచ్చి, మూడవ పీరియడులో మైదానంలో కళ్ళు తిరిగి కూర్చుంటే, తాను చదివిన పాఠానికీ దీనికీ సంబంధమున్నదని వానికి తోచదు. ఆ సంబంధం తెలియవలసిన చోటు మైదానమే. అందువలన ఈ నెల మన శీర్షికలో, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నాలుగు వారాలపాటు కబడ్డీ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ ఆటలోనే తిండి పాఠమును, నీళ్ళ పాఠమును ఎలా కలుపవచ్చునో వివరంగా చూద్దాము. మన సంఘాలలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఉపాధ్యాయులు కాని తల్లిదండ్రులకు కూడా ఇందులో ఇంటికి పనికివచ్చే సంగతులున్నాయి.

కబడ్డీనే ఎందుకు తీసుకున్నామంటే, దానికి ఖర్చు లేదు, ప్రతి ఊళ్ళోనూ ఆడతారు, ఆడపిల్లలూ ఆడతారు. కూతకు వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి కొన్ని క్షణాలు బలమంతా పెడతాడు, వెంటనే వెనక్కి వచ్చి ఆగుతాడు, మళ్ళీ వెళ్తాడు. అలాంటి ఆటలో చెమట ఎంత పోయిందో ఆడేవానికి తెలియదు. ఇంకొక కారణం కూడా ఉంది. చిన్న వయసువారి కబడ్డీ పోటీలలో బరువుకు పరిమితి ఉంటుంది. దాని చుట్టూ జరిగే ఒక ప్రమాదకరమైన పనిని గురించి కొంచెం తరువాత చెబుతాము.

మొదట ఒక హెచ్చరిక. ఆట పీరియడు నలభై, నలభై అయిదు నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు ఉపన్యాసానికి పోతే పిల్లలు ఆ ఉపాధ్యాయుని క్షమించరు, అది న్యాయమే. తిండి పాఠానికి ప్రతిసారి అయిదు నిమిషాలు చాలు, అదికూడా పిల్లలు చేతులతో ఏదో ఒకటి చేస్తూ నేర్చుకొనేదై ఉండాలి.

మొదటి రోజు పని గుక్కను కొలవడం. ప్రతివాడు లీటరు సీసా నిండా నీళ్ళు తెచ్చుకోవాలి. సీసా మీద నీటి మట్టం దగ్గర ఒక గీత గీసి, మామూలుగా త్రాగినట్లే పది గుక్కలు త్రాగి, మళ్ళీ గీత గీయాలి. కొలపాత్రతో ఆ రెండు గీతల మధ్య ఎన్ని నీళ్ళు పట్టునో చూడాలి. పది గుక్కలకు 250 మిల్లీలీటర్లు తగ్గితే వాని గుక్క 25 మిల్లీలీటర్లు. పక్కవాడిది పదిహేనే ఉండవచ్చు. ఇది చిన్న ఆటలాగా కనిపిస్తుంది గాని, ఇకమీదట మైదానంలో గ్లాసులు, కొలతలు అక్కర లేకుండా "ఎనిమిది గుక్కలు త్రాగిరా" అని చెప్పడానికి వీలవుతుంది. ఎవరి సీసా వారిదే. నోరు పెట్టి త్రాగిన సీసాను మరొకరికి ఇవ్వకూడదని కూడా ఆ రోజే చెప్పాలి.

రెండవ పాఠం మూత్రపు రంగు. ఇది చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒక గాజు గ్లాసులో నీళ్ళలో కొంచెం నిమ్మరసం పిండి చూపించాలి. మరొక గ్లాసులో పాలు లేని పలుచని టీ పోసి చూపించాలి. మొదటి గ్లాసు రంగులో పోతే ఒంట్లో నీళ్ళు చాలినంత ఉన్నట్లు. రెండవ గ్లాసు రంగువైపు వెళ్తూ, వాసన గట్టిగా ఉండి, కొంచెమే వస్తే నీళ్ళు తక్కువైనట్లు. అయితే దీనికి హద్దులున్నాయి. ఉదయం లేచిన వెంటనే పోసే మూత్రం అందరికీ కొంచెం ముదురుగానే ఉంటుంది గనుక దానిని లెక్కలోనికి తీసుకోకూడదు. బి-కాంప్లెక్సు మాత్ర వేసుకున్నవారికి పచ్చగా మెరుస్తూ వస్తుంది, దానికి భయపడనక్కర లేదు. ఎర్రగా గాని, బాగా కాచిన డికాక్షన్ రంగులో గాని వస్తే అది నీళ్ళ లోపమని ఊరుకోక డాక్టరుకు చూపించాలి.

ఇక మూడవది, ఈ పాఠాలన్నిటికీ ప్రాణము వంటిది, ఆటకు ముందూ వెనుకా బరువు చూచుకోవడం. కబడ్డీ రెండు పీరియడ్లు కలిసి వచ్చే రోజును దీనికి ఎంచుకోవాలి. గంటసేపు ఆడితే శరీరం నుండి పోయే బరువు దాదాపు అంతా చెమటే. ఒక కిలో బరువు తగ్గితే ఒక లీటరు నీళ్ళు పోయినట్లు లెక్క. ఈ లెక్క ఏడవ తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. కాని బరువు సరిగా తూచకపోతే లెక్కంతా తప్పుతుంది. ముల్లు తిరిగే పాత త్రాసు అర కిలోకు ఒక గీత చొప్పున చూపిస్తుంది గనుక ఈ పనికి రాదు. వంద గ్రాముల తేడా చూపించే డిజిటల్ త్రాసు కావాలి. బడిలో లేకపోతే ఆరోగ్య ఉపకేంద్రంలో అడిగి ఒక రోజుకు తెచ్చుకోవచ్చు. దానిని మట్టి మీద గాక గచ్చు మీద పెట్టాలి. చెప్పులు లేకుండా, పలుచని పొడి బట్టలతో నిలబడాలి. ఆట అయ్యాక తువ్వాలుతో చెమట తుడుచుకొని, తడిసిన చొక్కా మార్చుకొని మళ్ళీ నిలబడాలి. తడి చొక్కాతో నిలబడితే పోయిన చెమట చొక్కాలో కూర్చొని మళ్ళీ త్రాసు ఎక్కుతుంది! మధ్యలో ఎవరైనా మూత్రానికి వెళ్ళివస్తే వారి లెక్క ఆ రోజుకు వదిలివేయాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాము. తొమ్మిదవ తరగతి కుర్రవాడు ఆటకు ముందు 42.0 కిలోలు ఉన్నాడనుకుందాం. గంటసేపు ఆడాడు. మధ్యలో ఎనిమిది గుక్కలు, అనగా 200 మిల్లీలీటర్లు త్రాగాడు. ఆట తరువాత 41.4 కిలోలు ఉన్నాడు. తగ్గినది 600 గ్రాములు. కాని త్రాగిన 200 కూడా చెమటగా పోయినట్లే గదా, కాబట్టి మొత్తం చెమట 800 మిల్లీలీటర్లు. పిల్లలు ఎప్పుడూ మరిచిపోయేది త్రాగిన దానిని కలపడమే. ఇప్పుడు 600 గ్రాములు 42 కిలోలలో నూటికి ఎంత? సుమారు 1.4 వంతు. రెండు వంతులు దాటితే, అనగా వీనికి 840 గ్రాములు మించితే, దమ్ము తగ్గడం, చూపు నిలకడ తప్పడం, తలనొప్పి వంటివి కనిపించడం మొదలవుతుంది. ఎదుటివాడు కాలు పట్టుకోబోతున్నాడని గ్రహించడానికి అరక్షణం ఆలస్యమవుతుంది. కబడ్డీలో ఆ అరక్షణమే ఆట. ఎండ ఇంకొంచెం ఎక్కువున్న రోజున ఈ కుర్రవాడు ఆ గీత దాటుతాడు.

మరుసటి వారం ఇదే కుర్రవాడు తన లెక్క తానే వేసుకోవాలి. ఆటకు రెండు గంటల ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్ళు. ఆటలో ఇరవై నిమిషాలకొకసారి విరామం ఇచ్చినప్పుడు ఏడెనిమిది గుక్కలు. చివరి విరామంతో కలిపి సుమారు 550 మిల్లీలీటర్లు అవుతుంది. చెమట అంతే పోతే బరువు 250 గ్రాములే తగ్గుతుంది. పోయినదంతా ఆటలోనే తిరిగి పూరించాలని పట్టుపట్టనక్కర లేదు. మిగిలినది ఆట తరువాత త్రాగాలి. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంపావు నుండి లీటరున్నర వరకు, రెండు గంటలలో కొంచెం కొంచెంగా త్రాగాలి. త్రాగిన దానిలో కొంత మూత్రంగా పోతుంది గనుక ఆ పైపెచ్చు. ఒకేసారి చెంబెడు ఎత్తి త్రాగితే కడుపు ఉబ్బుతుంది, ఎక్కువ భాగం ఒంటికి పట్టక బయటికి పోతుంది.

దీనికి అటువైపు ప్రమాదం కూడా ఉందని చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది. ఆట తరువాత బరువు ముందటికన్న పెరిగితే ఆ పిల్లవాడు అవసరానికి మించి త్రాగాడని అర్థం. మరీ ఎక్కువగా ఉత్త నీళ్ళు త్రాగితే రక్తంలో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు, మత్తు కలుగుతాయి, అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ళు మంచివే గదా అని పందెం వేసి త్రాగించడం మంచిది కాదు.

బరువు తూచే రోజున ఒక నియమం తప్పక పాటించాలి. ఎవరి బరువూ పైకి చదవకూడదు. ఈ వయసులో లావుగా ఉన్న ఆడపిల్ల, బక్కగా ఉన్న కుర్రవాడు ఆ ఒక్క సంఖ్యకే చచ్చి బ్రతుకుతారు. తెర చాటున తూచి, ఎవరి చీటీ మీద వారే వ్రాసుకొని, తరగతిలో తేడాను మాత్రమే చెప్పాలి. తూచుకోవడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. వారికి మూత్రపు రంగు పాఠం చాలు.

"దాహం వేసినప్పుడు త్రాగితే చాలదా?" అని పెద్దలు అడుగుతారు. నీడపట్టున కూర్చున్నవారికి చాలును. ఆటలో మునిగిన పిల్లలకు చాలదు. ఎదుట నీళ్ళున్నా వారు పోయిన దానికన్న తక్కువే త్రాగుతారు. కెనడాలో ఓడెడ్ బార్-ఓర్ అనే పిల్లల వ్యాయామ వైద్యుడు తన సహచరునితో కలిసి చేసిన ఒక పరిశీలన 1996లో వెలువడింది. వేడిలో వ్యాయామం చేసే బాలురకు ఉత్త నీళ్ళు ఇచ్చినప్పటికన్న పండు రుచి కలిపినప్పుడు వారు ఎక్కువ త్రాగారు. అందులో కొంచెం ఉప్పు, చక్కెర కూడా కలిపితే ఇంకా ఎక్కువ త్రాగి, పోయినది పూరించుకున్నారు. ఈ మాట విని సీసా పానీయాల కోసం దుకాణానికి పరుగెత్తనక్కర లేదు. మన ఇళ్ళలో చిలికిన పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి ఇస్తే అదే పని జరుగుతుంది. నిమ్మకాయ నీళ్ళూ అంతే. గంటలోపు ఆటకు నీళ్ళు, ఆ తరువాత ఇంట్లో మామూలు భోజనం ఉంటే పోయిన ఉప్పు దానంతట అదే వస్తుంది. రెండు మూడు గంటలు ఎండలో పోటీ జరిగిన రోజున మాత్రం ఉప్పు మజ్జిగ నిజంగా అవసరం.

కూల్‌డ్రింకు సంగతి లెక్కగానే చూపించాలి. వాటిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. సీసా వెనుక చదివి 250 మిల్లీలీటర్లకు ఎంతో లెక్కకట్టి, ఆ చక్కెరను చెంచాలతో పళ్ళెంలో పోయమనండి. అయిదు చెంచాలు దాటుతుంది. అంత తీపి నీళ్ళు కడుపులో నిలిచిపోయి ఆటలో గడబిడ చేస్తాయి. శక్తినిస్తాయని చెప్పే కెఫీన్ పానీయాలు ఈ వయసువారికి అసలే తగవు. ఇంకొకటి. ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో వ్రాసి, లోపల తీపి రసం పోసి అమ్మే డబ్బాలు చాలా ఏళ్ళు మందుల దుకాణాలలోనే దొరికాయి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలైన డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీద సంవత్సరాల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలైన ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్ళలో కలిపేది. అది విరేచనాలకు మందు, రోజూ ఆటకు ముందు త్రాగే పానకం కాదు. దానిని అర లీటరులో చిక్కగా కలిపినా, ఇంట్లో కంటి అంచనాతో ఉప్పు ఎక్కువ వేసినా మేలుకు బదులు కీడే.

తిండి దగ్గరకు వద్దాము. దీనికి పిల్లలు వారం రోజులు ఒక చిన్న పట్టిక వ్రాయాలి. ఉదయం ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఆట ఎన్ని గంటలకు, ఆటలో ఎలా ఉన్నది. ఇంతే. ఎవరి ఇంట్లో ఏమి లేదో బయటపెట్టే పాఠంగా ఇది మారకూడదు గనుక పట్టికను ఉపాధ్యాయుడు తప్ప ఎవరూ చూడరాదు. కూలికి వెళ్ళే తల్లి తెల్లవారుజామునే పొలానికి పోతే ఆ ఇంటి పిల్ల ఏమీ తినకుండా రావడం తల్లి తప్పు కాదు. వారం చివర చూస్తే చాలామంది పట్టికలలో ఒకే సంగతి కనబడుతుంది. రాత్రి ఎనిమిదింటికి తిన్న అన్నం తరువాత మధ్యాహ్న భోజనం దాకా, పదహారు గంటలు, టీ నీళ్ళే. కాలేయంలో దాచుకున్న చక్కెర రాత్రంతా మెదడుకు ఖర్చయి ఉదయానికి చాలా తగ్గిపోతుంది. ఆ స్థితిలో కూతకు వెళ్తే కాళ్ళు వణకడం, చెమటలు పట్టడం, చిరాకు కలుగుతాయి. దానిని పిల్లలు నీరసం అంటారు, కొందరు మాస్టర్లు సోమరితనం అంటారు.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఆటకు గంట, గంటన్నర ముందు తేలికగా అరిగేది ఏదైనా చాలు. రాత్రి నీళ్ళు పోసి శుభ్రమైన కుండలో మూతపెట్టిన చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ. లేదా ఒక అరటిపండు. లేదా రాగిజావ. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల సున్నం ఉంది. పాలిష్ బియ్యంలో అది పదికి కూడా చేరదు. ఎముకలు పొడుగు సాగే వయసులో ఇది చిన్న తేడా కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో 2023 మార్చిలో రాగిజావ ఇవ్వడం మొదలైనప్పుడు కొందరు పిల్లలు ముఖం చిట్లించారు. బెల్లం బాగా కలిపి, ఉండకట్టకుండా కాచినచోట గ్లాసు ఖాళీ అవుతుంది. రుచి చూడకుండా పోషకాలను గురించి చెప్పే పాఠం ఎవరికీ ఎక్కదు.

దీనికి ఎదురు తప్పు మధ్యాహ్న భోజనం తిన్న వెంటనే ఆట పీరియడు పెట్టడం. కడుపునిండా అన్నం, సాంబారు, గుడ్డు తిన్న తరువాత అరగంటకే పట్టు పట్టమంటే ప్రక్కలో పోటు, వాంతి తప్పవు. పెద్ద భోజనానికీ గట్టి ఆటకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. టైంటేబులు వేసే ప్రధానోపాధ్యాయులు ఈ ఒక్కటి సవరిస్తే సగం ఫిర్యాదులు పోతాయి. ఆ పీరియడు మార్చడానికి వీలు కాకపోతే, ఆ రోజున ఆట కాక నియమాలు, అడుగులు వేసే పద్ధతి, తిండి పాఠం చెప్పుకోవచ్చు. ఆట అయ్యాక గంటలోపు అన్నం, పప్పు, ఉడికించిన వేరుశనగలు, గుడ్డు వంటివి తింటే అలసిన కండ తిరిగి కట్టుకుంటుంది. పొడి డబ్బాలలో అమ్మే ప్రొటీను ఏ కుర్రవానికీ అవసరం లేదు. పప్పు అన్నం రోజూ దొరికితే చాలును.

ఇప్పుడు బరువు పరిమితి సంగతి. పోటీ నాలుగు రోజులుందనగా ఒక పిల్లవాడు కిలో ఎక్కువ ఉన్నాడని తెలుస్తుంది. వెంటనే తోటివారు సలహా చెబుతారు. అన్నం మానేయమంటారు, నీళ్ళు త్రాగవద్దంటారు, స్వెట్టరు వేసుకొని ఎండలో పరుగెత్తమంటారు. అలా చేస్తే కిలో తగ్గుతుంది, అబద్ధం కాదు. కాని తగ్గినది కొవ్వు కాదు, నీళ్ళు. తన తరగతిలో లెక్క వేసుకున్న పిల్లవానికి ఇది తెలిసిపోతుంది. 50 కిలోల వానికి కిలో అంటే నూటికి రెండు వంతులు. అనగా ఆట మొదలుపెట్టకముందే అలసిపోయినవాడు. చెమట పట్టడానికి నీళ్ళు మిగలని శరీరం వేడిని బయటికి పంపలేదు. అమెరికాలో 1997 నవంబరు, డిసెంబరు నెలలలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్ళు ఇలాగే బరువు దించుకోవడానికి వేడి గదులలో, రబ్బరు బట్టలలో వ్యాయామం చేస్తూ చనిపోయారు. ఆ తరువాత అక్కడ నియమాలు మార్చి, ఒంట్లో నీళ్ళు సరిగా ఉన్నాయో లేదో మూత్ర పరీక్ష చేసి గాని కనీస బరువు నిర్ణయించకూడదన్నారు. మన పల్లె పోటీలలో అలాంటి పరీక్షలు ఉండవు గనుక, ఆ కాపలా ఉపాధ్యాయుడూ తల్లిదండ్రులూ ఉండవలసిందే. ఎదిగే పిల్లవాడు పరిమితి దాటితే వాడు ఎదిగాడని అర్థం. పై విభాగంలో ఆడనివ్వాలి.

ఎండ విషయంలో రెండు మాటలు. వేసవి సెలవుల తరువాత జూన్ రెండవ వారంలో బడులు తెరిచేసరికి ఎండ ఇంకా తగ్గదు, పిల్లలకు అలవాటూ తప్పి ఉంటుంది. శరీరం వేడికి అలవాటుపడడానికి పది నుండి పధ్నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి మొదటి రెండు వారాలు ఆటను కొద్దికొద్దిగా పెంచాలి. ఆడుతున్నవాడు తడబడి నడుస్తున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, అది వడదెబ్బ అనుకొని వెంటనే నీడకు తీసుకుపోయి, ఒంటినిండా చల్లని నీళ్ళు పోస్తూ విసరుతూ 108కి కబురు చేయాలి. చల్లబరచడం మాని బండి కోసం ఎదురుచూడకూడదు. స్పృహ సరిగా లేనివాని నోట్లో నీళ్ళు పోయరాదు.

చివరిగా ఆడపిల్లలు. నీళ్ళ పాఠం ఎంత బాగా చెప్పినా వారి సీసాలు సాయంత్రానికి నిండుగానే ఉంటాయి. ఉపాధ్యాయుడు వారిని మందలిస్తాడు. వారు తల వంచుకుంటారు, కారణం చెప్పరు. మరుగుదొడ్డికి తలుపు గడియ లేదు, లేక నీళ్ళు లేవు, లేక తాళం స్టాఫు గదిలో ఉంది. అటువంటప్పుడు త్రాగకుండా ఉండడం వారు చేసుకున్న ఏర్పాటు. ఉదయం నుండి సాయంత్రం దాకా బిగబట్టుకున్నందువలన మూత్రంలో మంట, జ్వరం వచ్చినప్పుడు తల్లికి తెలుస్తుంది. 2019లో కేరళ బడులలో నీళ్ళు త్రాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారు. మంచి ఆలోచన, తరువాత ఇతర రాష్ట్రాలూ తీసుకున్నాయి. అయితే గంటకు ముందు గడియ కావాలి. ఈ పాఠంలో మొదటి రోజున ఉపాధ్యాయురాలు ఎవరైనా ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి అడగడం మంచిది. ఆ జవాబును పాఠశాల కమిటీ ముందు పెట్టడం తల్లిదండ్రుల పని.

వారిలో మరొక లోపం ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. దీనిని డాక్టరు కన్న ముందు పసిగట్టగలిగినవాడు వ్యాయామ ఉపాధ్యాయుడే. అందరితోపాటు పరుగెత్తి, అందరి ఆయాసం తగ్గిన తరువాత కూడా ఆ పిల్ల ఒక్కతే గుండె పట్టుకొని కూర్చుంటుంది. క్రింది రెప్ప లోపలి వైపు పాలిపోయి ఉంటుంది. ఆమెను ఇంకొక చుట్టు తిరగమని శిక్షించకుండా ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షకు పంపాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. చాలామంది పిల్లలు దానిని జేబులో వేసుకొని దారిలో పారవేస్తారు. ఎందుకంటే ఒకసారి ఖాళీ కడుపుతో మింగినప్పుడు వికారం చేసింది. అన్నం తిన్న తరువాత మింగితే ఆ బాధ చాలావరకు ఉండదు. మలం నల్లగా వస్తుందని ముందే చెబితే భయపడరు. ఇనుము ఒంటికి పట్టాలంటే తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవాలి, ఉసిరికాయో జామకాయో తినాలి. భోజనం చేయగానే టీ త్రాగితే ఆ ఇనుములో చాలా భాగం పట్టకుండా పోతుంది. టీ మానలేనివారు కనీసం గంటసేపు ఆగి త్రాగాలి. రక్తపరీక్షలో తక్కువని తేలిన పిల్లకు వారం మాత్ర సరిపోదు. డాక్టరు రోజూ మాత్ర వ్రాస్తారు. ఆమె ఆయాసం తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతవరకు ఆమెను కూతకు పంపకుండా, పాయింట్లు వ్రాసే పని గాని, విరామానికి ఈల వేసి అందరిచేత నీళ్ళు త్రాగించే పని గాని అప్పగించవచ్చు.